ఆదివారం ఒంటిగంటన్నరకు ఎంతమంది కావాలి?

హోటల్ నడిపేవాళ్ళలో ఎవరిని కదిలించినా మొదట చెప్పే కష్టం మనుషులు దొరకడం లేదనే. అది నిజమే. అయితే అదే హోటల్లో మధ్యాహ్నం పన్నెండుంపావుకు వెళ్ళి చూస్తే నలుగురు సర్వర్లు గోడకు ఆనుకుని ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. ఒంటిగంటన్నరకు అదే నలుగురు సాంబారు బకెట్లతో పరుగులు పెడుతున్నా సగం టేబుళ్ళ నుంచి కేకలు వినిపిస్తూనే ఉంటాయి. జీతం పట్టీలో ఉన్న మనుషుల సంఖ్యకూ, రద్దీ వేళ హాల్లో ఉండాల్సిన మనుషుల సంఖ్యకూ పొంతన కుదరకపోవడమే చాలాచోట్ల అసలు ఇబ్బంది. ఆ పొంతన డ్యూటీ చార్టు రాసేటప్పుడు కుదరాలి. అందుకు అంచనా కాదు, కొంచెం లెక్క కావాలి.

ఆ లెక్క ఎలా వేస్తారో చూడటానికి విజయవాడలో 80 సీట్ల ఫ్యామిలీ రెస్టారెంట్ ఒకటి ఉందనుకుందాం. మధ్యాహ్నం భోజనాలు, రాత్రి బిర్యానీ, తందూరీ, కూరలు. పొద్దున 11.30కు తెరిచి రాత్రి 11కు మూస్తారు. అంకెలన్నీ ఉదాహరణకే. ఎవరి హోటల్ అంకెలు వాళ్ళు పెట్టుకున్నా పద్ధతి మారదు.

రోజు లెక్క కాదు, అరగంట లెక్క

ఈ హోటల్‌కు మామూలు బుధవారం మధ్యాహ్నం 160 మంది వస్తారు. మూడు గంటల సమయం అంటే ఆరు అరగంటలు. సగటున అరగంటకు 27 మంది. కానీ జనం అలా సమానంగా రారు. 12 నుంచి 12.30 లోపు 14 మంది, తర్వాతి అరగంటలో 34, ఒంటిగంట నుంచి 1.30 లోపు 46, ఆ తర్వాత 38, 18, 10. సగటు చూసి మనుషుల్ని పెట్టిన యజమాని మొదటి అరగంటలో జీతం వృథా చేస్తాడు, మూడో అరగంటలో కస్టమర్లను పోగొట్టుకుంటాడు.

ఈ అంకెలు ఎక్కడ దొరుకుతాయంటే బిల్లింగ్ మెషీన్‌లోనే. అయితే చాలామంది బిల్లు కొట్టిన సమయం చూస్తారు. బిల్లు మనిషి వెళ్ళిపోయేటప్పుడు కొడతారు. అతను వచ్చింది అంతకు ముప్పావుగంట ముందు. కాబట్టి చూడాల్సింది ఆ టేబుల్ మీద తీసిన మొదటి కేఓటీ, అంటే వంటింటికి వెళ్ళిన మొదటి ఆర్డర్ చీటీ సమయం. దాని మీద ఎంతమంది కూర్చున్నారో కూడా కొట్టే అలవాటు చేయాలి. రెండు నెలల కేఓటీలు వారం పేరు వారీగా, అరగంట వారీగా విడదీస్తే హోటల్ నాడి దొరుకుతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఎనిమిది బుధవారాల్లో ఒంటిగంట నుంచి 1.30 లోపు వచ్చినవాళ్ళు 33, 35, 36, 38, 39, 42, 46, 51 మంది అనుకుందాం. సగటు 40. నలభై మందికి సరిపడా మనుషుల్ని పెడితే ఎనిమిది వారాల్లో మూడుసార్లు చాలరు. 51కి పెడితే ఎప్పుడో ఒకరోజు వచ్చిన గుంపు కోసం ఏడాదంతా జీతం ఇవ్వాలి. అందుకే అన్నిటికన్నా పెద్ద అంకెను వదిలేసి దాని కింది అంకె తీసుకోవడం మంచి పద్ధతి. ఇక్కడ అది 46. పండగలు, పెళ్ళి ముహూర్తాలు, తుపాను రోజులు ఈ జాబితాలో కలపకూడదు. వాటికి వేరే పుస్తకం పెట్టుకోవాలి.

కేఓటీలు చెప్పని సంగతి కూడా ఒకటుంది. తలుపు దగ్గర నిలబడి, ఖాళీ లేదని వెళ్ళిపోయినవాళ్ళు ఏ చీటీలోనూ ఉండరు. హాలు నిండిపోయిన వేళ కేఓటీలు చూపించేది హోటల్ ఓపికను, జనం ఆకలిని కాదు. తలుపు దగ్గర ఉండేవాళ్ళు వెయిటింగ్ పేర్లు రాసుకునే పుస్తకంలోనే, వెళ్ళిపోయినవాళ్ళ పేర్లకు అడ్డగీత కొట్టి సమయం వేస్తే ఆ లోటు తీరుతుంది.

ఒక్కో మనిషికి ఎన్ని నిమిషాలు?

జనం లెక్క తేలాక పని లెక్క. ఒక రద్దీ గంటలో ఒక సర్వర్ వెంట గడియారంతో నడిస్తే ఇది తెలుస్తుంది. భోజనాల్లో ఆర్డర్ తీసుకోవడం ఉండదు. ఆకు వేయడం, వడ్డన, మళ్ళీ అన్నం, పెరుగు, బిల్లు అన్నీ కలిపి ఒక్కో కస్టమర్‌కు సర్వర్ సమయం రెండున్నర నిమిషాలు పట్టిందనుకుందాం. బకెట్ పట్టుకుని ఒకే నడకలో నాలుగు టేబుళ్ళకు వడ్డిస్తాడు కాబట్టి అంత తక్కువ. రాత్రి అలా కాదు. మెనూ ఇవ్వాలి, కారం ఎంత ఉంటుందో చెప్పాలి, స్టార్టర్ అయ్యాక బిర్యానీ తేవాలి. మనిషికి నాలుగు నిమిషాలు అనుకుందాం.

అరగంటలో సర్వర్ చేతికి నికరంగా వచ్చేది 25 నిమిషాలే. మంచినీళ్ళు తాగడం, వంటింటి కిటికీ దగ్గర ఎదురుచూపులు మిగతావి తినేస్తాయి. ఇప్పుడు లెక్క సులువు. బుధవారం మధ్యాహ్నం 46 మందికి రెండున్నర చొప్పున 115 నిమిషాలు, దాన్ని 25తో భాగిస్తే 4.6. అంటే ఐదుగురు సర్వర్లు. పైన చూసిన 27 మంది సగటుతో వేస్తే ముగ్గురు చాలనిపించేది. రాత్రి అరగంటకు 30 మందే వచ్చినా 30ని నాలుగుతో గుణిస్తే 120 నిమిషాలు, మళ్ళీ ఐదుగురే కావాలి. జనం తక్కువ కదా అని రాత్రి ఒకరిని తగ్గించే హోటళ్ళు ఇక్కడే దెబ్బతింటాయి.

వంటింటికి ఈ భాగహారం పనికిరాదు. తందూరీ మాస్టర్ రొట్టెలు పది అయినా, వంద అయినా ఒకడు ఉండాల్సిందే. అలాగే చైనీస్ పొయ్యి దగ్గర ఒకరు, కూరల దగ్గర ఒకరు. అక్కడ లెక్క మనుషులది కాదు, స్థానాలది. ఒక స్థానం దాని హద్దు దాటినప్పుడు మాత్రమే పక్కన హెల్పర్ కావాలి. ఆ హద్దును ఆ పొయ్యి దగ్గర వేలాడుతున్న చీటీల వరుస చూపిస్తుంది. పైగా వంటింటి పనిలో సగం జరపగలిగిన పని. ఉల్లిపాయలు తరగడం, మాంసానికి మసాలా పట్టించడం పొద్దున చేసేయవచ్చు. వడ్డన మాత్రం మనిషి వచ్చినప్పుడే చేయాలి. జరపగలిగిన పని ఏదీ ఒంటిగంట నుంచి రెండు మధ్య ఉండకుండా చూస్తే, ఆ గంటకు అదనంగా ఒక మనిషి దొరికినట్టే.

గిన్నెల దగ్గర పని ఇంకో తీరు. హాల్లో రద్దీ ఒంటిగంటకు మొదలైతే కంచాలు తోమేచోట అది 1.40కి మొదలవుతుంది, హాలు ఖాళీ అయ్యాక కూడా సాగుతుంది. అక్కడి మనుషులకూ సర్వర్ల సమయమే వేస్తే పన్నెండుకు ఊరికే కూర్చుంటారు. రెండుంపావుకు కంచాలు లేక వడ్డన ఆగుతుంది. వాళ్ళ డ్యూటీని ముప్పావుగంట వెనక్కి జరిపితే కొత్త మనిషి అక్కర్లేకుండానే ఆ ఇబ్బంది పోతుంది.

శనివారం వేరు, ఆదివారం వేరు

వీకెండ్ అని రెండు రోజులనూ కలిపి రాసేయడం మన ఊళ్ళలో పొరపాటు. శనివారం వెంకటేశ్వరస్వామి వారమని మాంసం ముట్టని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తినని ఇళ్ళు తక్కువ. మాంసాహారం ఎక్కువ అమ్మే హోటల్‌కు శనివారం రద్దీ రాత్రికి పరిమితం కావచ్చు, ఆదివారం మాత్రం రెండు పూటలా ఉంటుంది. శ్రావణం, కార్తీకం వస్తే ఆ లెక్క కూడా తలకిందులవుతుంది. హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసుల మధ్య ఉన్న హోటల్‌ది ఇంకో దారి. దాని మధ్యాహ్నం రద్దీ పనిరోజుల్లోనే. కాబట్టి ఏడు రోజులకు ఏడు లెక్కలు.

మన ఉదాహరణలో శనివారం మధ్యాహ్నం 38 మంది వరకు వస్తారు. పైన చెప్పిన లెక్కన నలుగురు సర్వర్లు చాలు. రాత్రి 37 మంది, ఆరుగురు కావాలి. ఆదివారం ఒంటిగంటన్నర నుంచి రెండు లోపు తలుపు దగ్గరకు వచ్చేవాళ్ళు 60 మంది. వాళ్ళు కుటుంబాలతో వస్తారు, 50 నిమిషాలు కూర్చుంటారు. నిమిషానికి ఇద్దరు చొప్పున వచ్చి ఒక్కొక్కరు 50 నిమిషాలుంటే ఒకే సమయంలో లోపల ఉండాల్సినవాళ్ళు 100 మంది. వచ్చే వేగాన్ని ఉండే సమయంతో గుణిస్తే లోపల ఉండే సంఖ్య వస్తుందన్న ఈ సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించారు. క్యూ ఉన్న ప్రతిచోటా అది పనిచేస్తుంది.

ఉన్నవి 80 సీట్లు. నలుగురు కూర్చునే టేబుల్ మీద ముగ్గురుంటారు కాబట్టి హాలు నిండిందంటే లోపల ఉన్నది 68 మందే. అంటే అరగంటకు 41 మందికే చోటు దొరుకుతుంది. ఇక్కడ ఇంకో నలుగురు సర్వర్లను తెచ్చినా ఒక్క మనిషి అదనంగా కూర్చోలేడు. 41 మందికి నాలుగు నిమిషాల చొప్పున ఏడుగురు సర్వర్లు సరిపోతారు. ఆ తర్వాత వచ్చే మనిషి ఎక్కడ నిలబడాలన్నదే ప్రశ్న.

అతను టేబుళ్ళు తుడిచేచోట నిలబడాలి. అరగంటకు 41 మంది అంటే సుమారు 14 టేబుళ్ళు ఖాళీ అవుతాయి. కంచాలు ఎత్తి, తుడిచి, గ్లాసులు పెట్టడానికి టేబుల్‌కు మూడు నిమిషాలు. ఒక్క క్లీనర్ 25 నిమిషాల్లో ఎనిమిది టేబుళ్ళు చేస్తాడు. మిగతా ఆరు టేబుళ్ళ మీద ఎముకలు, నలిగిన టిష్యూలు అలాగే ఉంటాయి, గాజు తలుపు అవతల పిల్లల్ని ఎత్తుకుని జనం వాటినే చూస్తూ నిలబడతారు. సీట్లు చాలక వాళ్ళు బయట ఉన్నారని యజమాని అనుకుంటాడు. నిజానికి ఇంకో క్లీనర్ లేక ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు క్లీనర్లు తప్పనిసరి. బిల్లు అడిగాక మెషీన్ కోసం పది నిమిషాలు కూర్చోబెట్టినా ఇదే జరుగుతుంది. 50 నిమిషాల సమయం 60 అయితే అరగంటకు 41 మంది కాస్తా 34కు పడిపోతారు.

పార్సిళ్ళది విడి లెక్క. అదే అరగంటలో 24 పార్సిళ్ళు, కట్టడానికి ఒక్కోదానికి రెండు నిమిషాలు అనుకుంటే ఇద్దరు మనుషులు కావాలి. వాళ్ళను పెట్టకపోతే ఆ పని సర్వర్ల మీద పడుతుంది. డెలివరీ కుర్రాళ్ళు కౌంటర్ దగ్గర తొందరపెడుతుంటే ఏడుగురు సర్వర్లలో ఇద్దరు రైతా పొట్లాలు కడుతూ కనిపిస్తారు. హాల్లో ఐదుగురే మిగులుతారు.

కావాల్సిన సంఖ్యను డ్యూటీలుగా మార్చడం

సర్వర్ల విషయమే పూర్తిగా చూద్దాం. పనిరోజుల్లో మధ్యాహ్నం ఐదుగురు, సాయంత్రం వరకు ఇద్దరు, రాత్రి మళ్ళీ ఐదుగురు కావాలి. అందరికీ ఎనిమిది గంటల వరుస డ్యూటీ వేస్తే పొద్దుటికి ఐదుగురు, రాత్రికి ఐదుగురు, మొత్తం పదిమంది. అందరికీ బ్రేక్ డ్యూటీ వేస్తే ఐదుగురితో అయిపోయినట్టు కనిపిస్తుంది గానీ మూడున్నర నుంచి ఏడు దాకా హాల్లో ఎవరూ ఉండరు.

మధ్యేమార్గం ఇది. ఇద్దరికి 11 నుంచి సాయంత్రం 7 వరకు పగటి డ్యూటీ. ఇద్దరికి 3 నుంచి 11 వరకు రాత్రి డ్యూటీ. ముగ్గురికి 11.30 నుంచి 3.30, మళ్ళీ 7 నుంచి 11 వరకు బ్రేక్ డ్యూటీ. ఇలా ఏడుగురితో మధ్యాహ్నం ఐదుగురు, రాత్రి ఐదుగురు సరిపోతారు. శనివారం పగటి డ్యూటీకి ఇద్దరు, బ్రేక్‌కు ఇద్దరు, రాత్రికి నలుగురు, మొత్తం ఎనిమిది మంది. ఆదివారం ఇద్దరు, ఐదుగురు, ఇద్దరు, మొత్తం తొమ్మిది మంది.

బ్రేక్ డ్యూటీ హోటల్‌కు లాభం, మనిషికి భారం. పని ఎనిమిది గంటలే అయినా అతని రోజు 11.30 నుంచి 11 దాకా పోతుంది. హోటల్ ఇచ్చిన గది పక్కనే ఉన్నవాడు మధ్యాహ్నం పడుకుంటాడు. ఊరి చివర నుంచి బస్సెక్కి వచ్చేవాడు ఆ మూడున్నర గంటలు ఎక్కడుంటాడు? అందుకే బ్రేక్ డ్యూటీని గది ఉన్నవాళ్ళకు ఎక్కువగా వేసి, ఎవరికీ వారమంతా అదే రాకుండా తిప్పాలి. పని గంటల మొత్తానికే కాదు, పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఉండే వ్యవధికి కూడా షాపుల చట్టంలో హద్దు ఉంది. వారానికి 48 గంటలు, వారానికో సెలవు, అంతకు మించితే రెట్టింపు వేతనం అన్నది మూల సూత్రం. రోజువారీ గంటలు, విరామాల నిబంధనలు ఈ మధ్య మారాయి కాబట్టి చార్టు ఖాయం చేసేముందు కార్మికశాఖ కార్యాలయంలో అడగడం మంచిది. ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులంటే సరిగ్గా 48. ఆఖరి టేబుల్ 11.45 దాకా లేవకపోతే ఆ ముప్పావుగంట ఓవర్‌టైమే.

ఏడుగురు కావాలంటే ఏడుగురు చాలరు

చాలా చార్టులు కూలేది ఇక్కడే. రోజూ ఏడుగురు కావాలని ఏడుగురిని పెట్టుకుంటే ఎవరికీ వారం సెలవు ఉండదు. మనుషుల్ని కాకుండా మనిషి-రోజులను లెక్కించాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏడు చొప్పున 35, శనివారం 8, ఆదివారం 9, మొత్తం 52. ఒక్కరు వారానికి ఆరు రోజులు చేస్తారు కాబట్టి 52ను ఆరుతో భాగిస్తే 8.7. తొమ్మిది మందిని పెట్టుకోవాలి. తొమ్మిది మంది ఇచ్చేవి 54 మనిషి-రోజులు. వారానికి రెండే మిగులు.

ఆ మిగులు చాలదు. జ్వరాలు, ఊరి ప్రయాణాలు కలిపి మనిషికి ఏడాదికి 20 రోజులు పోతాయనుకుంటే తొమ్మిది మందికి 180 రోజులు. మిగులు వారానికి రెండు చొప్పున 104 మాత్రమే. పదో మనిషిని పెట్టుకుంటే వారానికి ఆరు రోజులు పెరిగి, పనిరోజుల్లో ఒకరు ఊరికే ఉంటారు. ఇంకో దారి, ఆదివారం రెండు పూటలకు మాత్రం ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళను పార్ట్‌టైమ్ పెట్టుకోవడం. అప్పుడు రెగ్యులర్ వాళ్ళతో చేయించాల్సింది 50 రోజులు. మిగులు వారానికి నాలుగు, ఏడాదికి 208. సెలవులకు సరిపోతుంది. కొత్తవాళ్ళకు మెనూ రాదు కాబట్టి వాళ్ళను ఆర్డర్లకు పంపకుండా నీళ్ళు, రైతా, మిర్చీ కా సాలన్ అందించే పనిలో పెట్టి, తెలిసిన సర్వర్‌కు ఇంకో టేబుల్ అప్పగించాలి.

దీనితో ఇంకో మేలు కూడా ఉంది. ఇదివరకు తొమ్మిది మందీ ఆదివారం రావాల్సిందే. ఇప్పుడు వారానికి ఇద్దరికి ఆదివారం ఆఫ్ దొరుకుతుంది. అంటే నాలుగైదు వారాలకోసారి ప్రతివాళ్ళకూ పిల్లలతో ఉండే ఒక ఆదివారం. కాకపోతే ఒక జాగ్రత్త. ఈ వారం సోమవారం ఆఫ్ తీసుకున్నవాడికి వచ్చే వారం ఆదివారం ఆఫ్ వేస్తే కాగితం మీద వారానికో సెలవు ఉన్నట్టే ఉంటుంది గానీ మధ్యలో అతను వరుసగా 12 రోజులు పనిచేస్తాడు. ఆదివారం ఆఫ్ ఇచ్చేవాడికి ముందటి వారం ఆఫ్‌ను శుక్ర, శనివారాలకు జరపాలి.

సిబ్బందిలో ఒడిశా, బెంగాల్ వాళ్ళు ఎక్కువగా ఉన్న హోటల్‌కు ఈ సంవత్సరపు మిగులు సమానంగా ఖర్చు కాదు. దుర్గాపూజకు అందరూ ఒకేసారి ఊరెళ్తామంటారు. విజయవాడలో ఇంద్రకీలాద్రికి జనం పోటెత్తే దసరా రోజులు కూడా సరిగ్గా అవే. ఎవరు ఆ పండక్కి వెళ్తారో, ఎవరు దీపావళికి వెళ్తారో రెండు నెలల ముందే రాయించుకుని రైలు టిక్కెట్లు చేయిస్తే ఆఖరి వారంలో ముగ్గురు చెప్పకుండా మాయమయ్యే బాధ ఉండదు.

చార్టు తప్పిందని ఎలా తెలుస్తుంది?

చార్టు గోడకెక్కాక పని ఎక్కడ పేరుకుంటోందో చూడాలి. వంటింటి కిటికీ దగ్గర వండిన కంచాలు చల్లారుతుంటే సర్వర్లు తక్కువ. సర్వర్లు అదే కిటికీ దగ్గర ఖాళీ చేతులతో నిలబడి ఉంటే తక్కువైంది వంటింట్లో, అక్కడ ఏ పొయ్యి దగ్గర చీటీలు ఎక్కువ వేలాడుతున్నాయో ఆ పొయ్యి దగ్గర. ఎంగిలి టేబుళ్ళు, తలుపు దగ్గర జనం ఒకేసారి కనిపిస్తే క్లీనర్ తక్కువ. అన్నీ సాఫీగా ఉన్నా జనం బయట ఉంటే అది సీట్ల కొరత. దానికి డ్యూటీ చార్టులో మందు లేదు.

ఇవి గమనించాల్సింది మేనేజర్. రద్దీ గంటలో అతన్ని క్యాష్ దగ్గర కూర్చోబెడితే ఏదీ కనిపించదు. ఆ గంటకు బిల్లులు ఇంకొకరికి అప్పగించి, అతన్ని వంటింటి కిటికీకీ తలుపుకూ మధ్య నిలబెట్టాలి. చూసినదాన్ని ఆ రాత్రే చార్టు పక్కన రాసి పెడితే గురువారం కొత్త వారం చార్టు వేసేటప్పుడు పనికొస్తుంది. ఒకే చోట ఒకే అరగంటలో మూడు వారాలు వరుసగా పని పేరుకుంటేనే మనిషిని కలపాలి. ఒక్క ఆదివారం చూసి కలిపితే, ఆ ఆదివారం పక్క ఫంక్షన్ హాల్లో పెళ్ళి ఉందన్న సంగతి జీతాలిచ్చేటప్పుడు గుర్తొస్తుంది.